ఒక జీతం, రెండు ఖజానాలు: ఆదాయ మూలం, నివాసం ఆధారంగా పన్ను

ఒక దేశంలో పనిచేస్తూ మరో దేశంలో కాపురం ఉండే మనిషి జీతం మీద పన్ను అడగడానికి రెండు దేశాలకూ కారణం ఉంటుంది. పని తన గడ్డమీద జరిగిందని, ఆ ఆదాయం పుట్టడానికి తన రోడ్లు, తన చట్టాలు, తన మార్కెట్ తోడ్పడ్డాయని మొదటి దేశం అంటుంది. దీన్ని ఆదాయ మూలం ఆధారంగా వేసే పన్ను అంటారు. ఆ మనిషి తన నివాసి అని, అతని పిల్లల చదువు, తల్లిదండ్రుల వైద్యం తన ఖర్చుతోనే నడుస్తున్నాయని, కాబట్టి ఎక్కడ సంపాదించినా మొత్తం ఆదాయాన్ని లెక్కలోకి తీసుకుంటానని రెండో దేశం అంటుంది. ఇది నివాసం ఆధారంగా వేసే పన్ను. భారత్‌తో సహా చాలా దేశాలు ఈ రెండింటినీ ఒకేసారి పాటిస్తాయి. నివాసిని ప్రపంచవ్యాప్త ఆదాయం మీద, నివాసి కానివాణ్ణి ఇక్కడ పుట్టిన ఆదాయం మీద పన్ను అడుగుతాయి. రెండు దేశాలూ ఇలాగే చేస్తే ఒకే జీతం మీద రెండుసార్లు పన్ను పడుతుంది. అందుకే ఎవరిది మొదటి హక్కు, ఎవరు మిగిలినదానితో సరిపెట్టుకోవాలి అన్న ప్రశ్న పుట్టింది.

జీతం విషయంలో ప్రపంచం దాదాపు ఒకే జవాబుకు వచ్చింది: పని ఎక్కడ జరిగితే ఆ దేశానిదే మొదటి హక్కు. డబ్బు ఏ బ్యాంకులో పడింది, యజమాని కార్యాలయం ఎక్కడుంది, ఒప్పందం మీద సంతకం ఎక్కడ జరిగింది అన్నవి తర్వాతి మాటలు. పనిచేసేటప్పుడు మనిషి ఎక్కడున్నాడన్నదే ముఖ్యం. ఈ సూత్రం చదవడానికి తేలిక. ఆచరణలో దానికున్న మినహాయింపులే ఉద్యోగుల జేబును తాకుతాయి.

ఈ పంపకం ఎలా మొదలైంది

మొదటి ప్రపంచయుద్ధం ఖర్చుల వల్ల ఆదాయపు పన్ను రేట్లు విపరీతంగా పెరిగాయి. అంతకుముందు భరించగలిగిన రెండు పన్నుల బరువు ఒక్కసారిగా మోయలేనిదయింది. 1918లో అమెరికా తన చట్టంలో ఒక కొత్త ఏర్పాటు చేసింది. తన పౌరులు, నివాసులు విదేశంలో కట్టిన పన్నును తనకు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోనిచ్చింది. మన పన్ను పరిభాషలో ఇదే ఫారిన్ టాక్స్ క్రెడిట్. ఇందులో ఒక పెద్ద ఒప్పుకోలు దాగి ఉంది. క్రెడిట్ ఇచ్చే దేశం, మొదట తీసుకునే హక్కు అవతలి దేశానిదేనని, తనది తర్వాతి వంతేనని అంగీకరిస్తోంది. ఎవరూ బలవంతపెట్టకుండా, ఒప్పందమేదీ లేకుండా ఒక నివాస దేశం ఇలా వెనక్కి తగ్గింది.

1923లో నానాజాతి సమితి కోసం బ్రూయిన్స్, ఐనౌడి, సెలిగ్మన్, స్టాంప్ అనే నలుగురు ఆర్థికవేత్తలు ఒక నివేదిక రాశారు. ఒక మనిషి ఆర్థిక జీవితం ఏ దేశంతో ఎంత ముడిపడి ఉందో చూసి దాని ప్రకారం పన్ను హక్కును పంచాలన్నది అందులోని ఆలోచన. వ్యక్తుల ఆదాయపు పన్ను విషయంలో వారు నివాసం వైపు మొగ్గారు. కానీ తర్వాత వచ్చిన నమూనా ఒప్పందాలు జీతాన్ని పనిచేసిన చోటికే ముడివేశాయి. దీనికి ఒక సాదా కారణం ఉంది. వేతన పట్టీ ఉన్నచోట పన్ను కోయడం తేలిక. యజమాని చేతిలోంచి డబ్బు దాటకముందే టీడీఎస్ రూపంలో ఖజానాకు చేరుతుంది. నివాస దేశం మాత్రం ఆ మనిషి నిజం చెప్పేదాకా, లేదా అవతలి దేశం సమాచారం పంపేదాకా ఎదురుచూడాలి.

ఓఈసీడీ 1963లో ముసాయిదాగా, 1977లో పూర్తిస్థాయి నమూనాగా తెచ్చిన ఒప్పందంలో 15వ అధికరణం ఈ నియమాన్ని చెబుతుంది. పేద దేశాల పక్షాన ఆదాయ మూలానికి ఎక్కువ హక్కులిచ్చేందుకు ఐక్యరాజ్య సమితి 1980లో వేరే నమూనా తయారుచేసింది. కంపెనీల లాభాలు, రాయల్టీల దగ్గర ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. జీతం దగ్గరికి వచ్చేసరికి రెండూ దాదాపు ఒకే మాట చెబుతాయి.

183 రోజుల మినహాయింపు

నాలుగు రోజుల మీటింగ్ కోసం వెళ్లిన ప్రతి ఉద్యోగినీ అక్కడి పన్ను శాఖ వెంటబడితే వ్యాపారం సాగదు. అందుకే 15వ అధికరణంలోని రెండో భాగం మొదటి హక్కును తిరిగి నివాస దేశానికిస్తుంది. కానీ మూడు షరతులూ ఒకేసారి నెరవేరాలి. ఉద్యోగి అవతలి దేశంలో 183 రోజులకు మించి ఉండకూడదు. జీతమిచ్చే యజమాని ఆ దేశపు నివాసి కాకూడదు. అక్కడ ఆ యజమానికి స్థిర కార్యాలయం లాంటిది ఉంటే, జీతం ఖర్చు దాని లెక్కలో పడకూడదు.

మన ఐటీ ఉద్యోగుల్లో ఒక నమ్మకం బలంగా ఉంది: ఆరు నెలల్లోపు వస్తే అక్కడ పన్ను లేదని. ఇది మొదటి షరతు ఒక్కటే చూసి చెప్పే మాట. హైదరాబాద్ కంపెనీకి అవతలి దేశంలో శాఖ ఉండి, ఉద్యోగి జీతం ఆ శాఖ ఖర్చుగా రాస్తే మూడో షరతు తప్పిపోతుంది. అప్పుడు మొదటి రోజు నుంచే అక్కడ పన్ను పడుతుంది. దాని వెనకున్న తర్కం న్యాయమైనదే. ఆ జీతాన్ని ఖర్చుగా చూపి అక్కడి లాభం తగ్గించుకున్నప్పుడు, అదే జీతం మీద పన్ను వదులుకోమని ఆ దేశాన్ని అడగడం కుదరదు. కొన్ని దేశాలు ఇంకో అడుగు ముందుకేసి, కాగితం మీద యజమాని ఎవరని కాక పనిని నిజంగా నడిపిస్తున్నదెవరని చూస్తాయి. స్థానిక క్లయింటే రోజూ పని చెప్పి, సెలవులు ఇచ్చి, చివరికి జీతం ఖర్చు కూడా భరిస్తుంటే ఆ క్లయింట్‌నే యజమానిగా తీసుకుని రెండో షరతు తప్పిందంటాయి.

రోజుల లెక్కలోనూ తడబాటు ఉంది. ఓఈసీడీ వ్యాఖ్యానం ప్రకారం లెక్కించేది పనిచేసిన రోజుల్ని కాదు, దేశంలో ఉన్న రోజుల్ని. దిగిన రోజు, బయల్దేరిన రోజు, శని ఆదివారాలు, పని మొదలవకముందు తిరిగిన నాలుగు రోజులు, అన్నీ లెక్కే. కొంతసేపు ఉన్నా ఒక రోజుగానే చూస్తారు. ఏ కాలంలో 183 అన్నది మరో చిక్కు. మొదట్లో నమూనా ఆర్థిక సంవత్సరాన్ని కొలతగా పెట్టింది. దాంతో ఒక సంవత్సరం చివరి అయిదున్నర నెలలు, మరుసటి సంవత్సరం మొదటి అయిదున్నర నెలలు వరుసగా ఉండి, పదకొండు నెలలు గడిపి కూడా పన్ను తప్పించుకునే దారి దొరికింది. 1992లో దాన్ని మార్చి, ఏ పన్నెండు నెలల్లోనైనా 183 రోజులు మించకూడదన్నారు. పాత మాటలతోనే నడుస్తున్న ఒప్పందాలు ఇంకా ఉన్నాయి. 1989లో భారత్, అమెరికా చేసుకున్న ఒప్పందంలో కొలత పన్ను సంవత్సరమే. కాబట్టి ఏ దేశానికి వెళ్తున్నామో ఆ దేశపు ఒప్పందం చదవాలి. నమూనా చదివితే చాలదు.

ఒక జీతం లెక్క

హైదరాబాద్‌లో పనిచేసే ఒక ఇంజినీరు జీతం ఏడాదికి 24 లక్షలు అనుకుందాం. 2025-26లో కంపెనీ అతన్ని నాలుగు నెలలు ఐరోపాలోని ఒక దేశానికి పంపింది. జీతం ఇక్కడి ఖాతాలోనే పడుతోంది, కానీ ఆ నాలుగు నెలల ఖర్చును కంపెనీ అక్కడి శాఖ భరించింది. ఏడాదంతా చూస్తే అతను భారత నివాసే. అక్కడున్నది నాలుగు నెలలే అయినా మూడో షరతు తప్పింది కాబట్టి, ఆ కాలానికి చెందిన 8 లక్షల మీద మొదటి హక్కు ఆ దేశానిది. అక్కడ 30 శాతం చొప్పున 2,40,000 రూపాయలు కోశారనుకుందాం.

ఇప్పుడు భారత్ వంతు. నివాసి కాబట్టి మొత్తం 24 లక్షలూ ఇక్కడ చూపాలి. కొత్త పన్ను విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 23,25,000 మిగులుతుంది. ఆ ఏడాది స్లాబుల ప్రకారం పన్ను 2,81,250, దాని మీద 4 శాతం సెస్సు 11,250, కలిపి 2,92,500. ఇందులో విదేశంలో పనిచేసిన నాలుగు నెలల వంతు మూడో భాగం, అంటే 97,500. భారత్ ఇచ్చే క్రెడిట్‌కు ఇదే గరిష్ఠం. విదేశంలో కట్టినదీ, అదే ఆదాయం మీద ఇక్కడ పడేదీ పోల్చి, ఏది తక్కువైతే అంతే తగ్గిస్తారు. అతను ఇక్కడ కట్టాల్సింది 1,95,000. అక్కడ కట్టిన 2,40,000లో 1,42,500కు ఇక్కడ క్రెడిట్ రాదు. ఆ దేశం రిటర్ను దాఖలు చేసే అవకాశమిస్తే, ఏడాదిలో నాలుగు నెలల ఆదాయమే ఉన్నందున కొంత వాపసు రావచ్చు. లేకపోతే అది అతని జేబులోంచి పోయినట్టే.

ఇదే లెక్కను తిప్పి చూస్తే క్రెడిట్ స్వభావం బోధపడుతుంది. అక్కడ కోసింది 60,000 మాత్రమే అయితే, భారత్ 60,000 వదిలేసి మిగతా 37,500 తాను వసూలు చేసుకునేది. అంటే విదేశంలో పన్ను ఎక్కువైతే ఆ ఎక్కువ అతనే మోస్తాడు, తక్కువైతే తేడాను భారత్ తీసుకుంటుంది. క్రెడిట్ పద్ధతిలో ఉద్యోగి ఎప్పుడూ రెండింటిలో పెద్ద రేటే కడతాడు. ఐరోపాలో కొన్ని దేశాలు పాటించే మినహాయింపు పద్ధతి వేరు. అక్కడ విదేశీ జీతాన్ని నివాస దేశం పూర్తిగా వదిలేస్తుంది, కానీ మిగిలిన ఆదాయానికి ఏ స్లాబు రేటు వర్తించాలో తేల్చడానికి దాన్ని లెక్కలో కలుపుతుంది.

ఆ ఇంజినీరుకు అసలు ఇబ్బంది నెలనెలా వస్తుంది. ఇక్కడి పేరోల్ మొత్తం జీతం మీద టీడీఎస్ కోస్తుంది, అక్కడి శాఖ తన వంతు కోస్తుంది. ఆ నాలుగు నెలలూ చేతికొచ్చేది బాగా తగ్గిపోతుంది. క్రెడిట్ రిటర్నులోనే దొరుకుతుంది. అందుకు 1961 చట్టం కింద ఫారం 67 వేయాలి, దానితో పాటు అవతలి దేశంలో పన్ను కట్టినట్టు రుజువు జతచేయాలి. ఆ రుజువు చాలాసార్లు ఆలస్యంగా వస్తుంది. అక్కడి సంవత్సరం జనవరి నుంచి డిసెంబర్ దాకా, మనది ఏప్రిల్ నుంచి మార్చి దాకా కావడంతో ఒక్క విదేశీ సర్టిఫికెట్ మన రెండు ఏళ్ల లెక్కల మీద చీలిపోతుంది. వెళ్లే ముందే కంపెనీని ఒక్క ప్రశ్న అడగడం మంచిది: ఈ నాలుగు నెలల ఖర్చు ఎవరి పుస్తకాల్లో రాస్తారు? జవాబు రాతపూర్వకంగా ఉంటే చాలా గొడవ తప్పుతుంది.

జెనీవా సరిహద్దులో రెండు నియమాలు

మొదటి హక్కు ఎవరికిచ్చినా రెండో ఖజానా ఊరికే కూర్చోదని చూపే చోటు ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సరిహద్దు. ఇళ్లు ఫ్రాన్స్‌లో, ఉద్యోగాలు జెనీవాలో ఉన్నవాళ్లు లక్షకు పైనే. పొద్దున సరిహద్దు దాటి వెళ్లి సాయంత్రం తిరిగి వస్తారు.

1973 జనవరిలో కుదిరిన ఏర్పాటు ప్రకారం జెనీవా వీళ్ల జీతం మీద పన్నును అక్కడే కోసుకుంటుంది. కానీ వాళ్ల మొత్తం జీతాల్లో 3.5 శాతానికి సమానమైన సొమ్మును ఫ్రాన్స్ వైపున్న ఎన్, ఓత్ సవోయ్ జిల్లాలకు తిరిగి ఇస్తుంది. ఆ సొమ్ము అక్కడి బడులు, బస్సులు, రోడ్ల ఖర్చుకు వెళ్తుంది. పదేళ్ల తర్వాత, 1983లో, వో, బాసెల్, నూషాతెల్ సహా ఎనిమిది కాంటన్లతో కుదిరిన ఒప్పందం దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ పన్ను వేసేది నివాస దేశమైన ఫ్రాన్స్. ఫ్రాన్సే ఆ జీతాల్లో 4.5 శాతాన్ని స్విస్ వైపుకు పంపుతుంది.

దీని ఫలితం ఒకే జిల్లాలో కనిపిస్తుంది. ఓత్ సవోయ్‌లోని అన్మాస్‌లో ఉండే నర్సు రైలెక్కి జెనీవా ఆస్పత్రికి వెళ్తే ఆమె పన్ను స్విట్జర్లాండ్‌ది. అదే జిల్లాలోని ఎవియాన్‌లో ఉండే మరో నర్సు పడవెక్కి సరస్సు దాటి వో కాంటన్‌లోని లోజాన్‌కు వెళ్తే ఆమె పన్ను ఫ్రాన్స్‌ది. పని ఒకటే, జిల్లా ఒకటే. కాంటన్ మారడంతో మొదటి హక్కు చేతులు మారింది. రెండో నర్సు మాత్రం యజమానికి నివాస ధ్రువపత్రం ఇవ్వాలి, సాధారణంగా రోజూ ఇంటికి తిరిగి రావాలి. ధ్రువపత్రం అందకపోతే అక్కడి పేరోల్ మూలంలోనే పన్ను కోసేస్తుంది, తర్వాత ఆమె వాపసు కోసం తిరగాలి.

183 రోజుల గీత కన్నా ఈ పద్ధతే న్యాయమైనదని నా అభిప్రాయం. రోజుల గీతలో ఒక ఖజానాకు అంతా దక్కుతుంది, రెండోదానికి ఏమీ దక్కదు. ఉద్యోగి పిల్లలు చదివే బడి ఒక వైపున, అతను ప్రయాణించే ట్రామ్ మరో వైపున ఉన్నప్పుడు వసూలు ఒకరు చేసి వాటా ఇద్దరికీ ఇవ్వడమే పద్ధతి. ఇందులో ఉద్యోగి మీద రెండో రిటర్ను భారం కూడా చాలావరకు తగ్గుతుంది.

ఇంటినుంచి పని

పనిచేసిన చోటే ముఖ్యమనే నియమానికి కరోనా పెద్ద పరీక్ష పెట్టింది. జెనీవా ఉద్యోగి ఇంట్లో కూర్చుని లాప్‌టాప్ తెరిస్తే, ఆ రోజు పని ఫ్రాన్స్‌లో జరిగినట్టే. నియమాన్ని అక్షరాలా పాటిస్తే వారంలో రెండు రోజుల జీతాన్ని విడదీసి ఫ్రాన్స్‌కు అప్పగించాలి. అలా చేయలేక రెండు దేశాలూ 2022 డిసెంబర్‌లో ఒక రాజీకి వచ్చాయి. ఏడాది పనివేళల్లో 40 శాతం వరకు ఇంటినుంచి చేసినా పాత పంపకం మారదు. అదే సరిహద్దులో సామాజిక భద్రత చందాల గీత వేరు. 2023 జూలై నుంచి అమల్లోకి వచ్చిన ఐరోపా ఏర్పాటు ప్రకారం అక్కడ పరిమితి 50 శాతంలోపు. 45 శాతం ఇంటినుంచి చేసే మనిషికి చందా విషయంలో ఇబ్బంది లేదు గానీ పన్ను దగ్గర గీత దాటినట్టే.

మన దగ్గర ఇదే నియమం ఎలా పనిచేస్తుందో చూడాలంటే రాజమండ్రిలో ఉండి అమెరికా కంపెనీకి కోడ్ రాసే అమ్మాయిని తీసుకోవచ్చు. జీతం డాలర్లలో వస్తుంది, యజమాని అక్కడ ఉన్నాడు, అయినా పని జరిగింది రాజమండ్రిలో. అమెరికా చట్టం ప్రకారం కూడా సేవ ఎక్కడ చేస్తే ఆదాయ మూలం అక్కడే. కాబట్టి అక్కడ పన్ను లేదు, ఇక్కడే మొత్తం పన్ను. భారత చట్టం ఈ మాటను స్పష్టం చేసుకోవడానికి కొంత కాలం పట్టింది. ఇక్కడ పనిచేసినా జీతం విదేశంలో చెల్లించే ఏర్పాటు ఉంటే అది భారత్‌లో ఆర్జించింది కాదని 1980లో గుజరాత్ హైకోర్టు తీర్పునిచ్చింది. పార్లమెంటు 1983లో వివరణ చేర్చి, భారత్‌లో చేసిన సేవకు వచ్చే జీతం ఎక్కడ చెల్లించినా ఇక్కడ ఆర్జించినదేనని తేల్చింది.

ప్రభుత్వోద్యోగులది వేరే దారి. విదేశంలోని రాయబార కార్యాలయంలో పనిచేసే భారత ఉద్యోగి జీతం మీద హక్కు జీతమిచ్చిన ప్రభుత్వానిదే.

గల్ఫ్: మొదటి హక్కును ఎవరూ అడగని చోటు

తెలంగాణలోని జగిత్యాల, నిజామాబాద్ నుంచి, ఆంధ్రలోని కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన వాళ్ల విషయంలో పనిచేసిన దేశం మొదటి హక్కును వాడుకోవడం లేదు. అక్కడ జీతం మీద ఆదాయపు పన్ను లేదు. కాబట్టి భారత్‌లో క్రెడిట్‌కు చూపడానికేమీ ఉండదు. ఆ మనిషి ఏ కారణంగానైనా ఆ ఏడాది భారత నివాసి అయితే, అక్కడి జీతం మీద పూర్తి హక్కు ఇక్కడికి వచ్చేస్తుంది.

ఇది ఎక్కువగా వెళ్లిన మొదటి ఏడాదిలో జరుగుతుంది. ఉద్యోగం కోసం దేశం విడిచే భారత పౌరుడు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే నివాసి. ఏప్రిల్ 1 నుంచి లెక్కిస్తే సెప్టెంబర్ 29తో 182 నిండుతాయి. సెప్టెంబర్ 28న విమానమెక్కినవాడు ప్రవాసి, ఆ ఏడాది దుబాయ్ జీతం ఇక్కడ లెక్కలోకి రాదు. నవంబర్‌లో వెళ్లినవాడు నివాసే. డిసెంబర్ నుంచి మార్చి దాకా అక్కడ సంపాదించినదంతా ఇక్కడి రిటర్నులో చూపాలి. కూలి పనికి వెళ్లిన వాళ్ల ఆదాయం చాలావరకు రిబేటు పరిధిలోనే ఉంటుంది కనుక వాళ్లకు పన్ను పడకపోవచ్చు. ఇంజినీర్లకు, నర్సులకు, సూపర్‌వైజర్లకు మాత్రం ఈ తేదీ వేలల్లో, ఒక్కోసారి లక్షల్లో తేడా తెస్తుంది. చేరే తేదీ మార్చుకునే వీలున్నప్పుడు కాలెండర్ చూసుకోవాలి.

2020 బడ్జెట్‌లో మరో నిబంధన వచ్చినప్పుడు గల్ఫ్ కుటుంబాల్లో పెద్ద కలవరం రేగింది. ఏ దేశంలోనూ పన్ను పరిధిలోకి రాని భారత పౌరుణ్ణి భారత నివాసిగానే భావిస్తామని ఆ బిల్లు చెప్పింది. పన్నులేని దేశాల్లో నివాసం చూపి తప్పించుకునే ధనికులే దాని లక్ష్యం, కానీ రాసిన మాటలు కూలీలకూ తగిలేలా ఉన్నాయి. 2020 ఫిబ్రవరి 2న కేంద్రం, గల్ఫ్‌లో నిజంగా పనిచేసుకునే కార్మికుల సంపాదన మీద పన్ను వేసే ఉద్దేశం లేదని వివరణ ఇచ్చింది. చివరికి చట్టమైన రూపంలో భారత్‌లో 15 లక్షలకు మించి ఆదాయం ఉన్నవాళ్లకే ఇది వర్తిస్తుంది. వాళ్లకు కూడా విదేశంలో సంపాదించిన జీతం మీద ఇక్కడ పన్ను పడదు.

విశాఖ నుంచి ఓడల మీదకు వెళ్లే నావికులకూ ఇలాంటి ఆందోళనే ఉండేది. జీతం భారత్‌లోని ఖాతాలో పడింది కాబట్టి ఇక్కడ అందుకున్నట్టేనని అధికారులు నోటీసులిచ్చేవారు. 2017 ఏప్రిల్‌లో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది: విదేశాలకు వెళ్లే ఓడ మీద భారత్ వెలుపల చేసిన సేవకు ప్రవాస నావికుడికి వచ్చిన జీతాన్ని, అది అతని ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో పడినంత మాత్రాన ఆదాయంలో కలపకూడదని.

గల్ఫ్‌లో ఈ పరిస్థితి మారడం మొదలైంది. ఒమన్ 2025లో వ్యక్తిగత ఆదాయపు పన్ను చట్టం చేసింది. 2028 జనవరి నుంచి ఏడాదికి 42,000 రియాళ్లు దాటిన ఆదాయం మీద 5 శాతం పన్ను పడుతుంది. మన కార్మికుల్లో చాలామంది ఆ పరిమితికి ఎంతో దిగువన ఉంటారు. పరిమితి దాటే డాక్టర్లకు, ఇంజినీర్లకు మాత్రం భారత రిటర్నులో క్రెడిట్ కోసం చూపడానికి ఒక గల్ఫ్ పన్ను చలానా మొదటిసారి చేతికి వస్తుంది.